కొటేషన్లు నిండుగా ఉన్నాయి, ఎవరు ఎందుకు రాశారన్నది మాత్రం లేదు: 8కి ఎన్ని ఇవ్వాలి?

చరిత్రబడి

అందరికీ నమస్కారం. పదకొండో తరగతి చరిత్ర పేపర్లు దిద్దుతున్నాను. ఒక జవాబు దగ్గర నాకూ, రెండోసారి దిద్దే మేడంకీ లెక్క కుదరడం లేదు. ఆవిడ 6 వేశారు, నేను 3 దగ్గర ఆగాను. తేడా మరీ ఎక్కువగా ఉంది కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

ప్రశ్న ఇది: "1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ ఎందుకు కాల్పులు జరిపించాడో తెలుసుకోవడానికి ఈ ఆధారం చరిత్రకారుడికి ఎంతవరకు ఉపయోగపడుతుంది?" 8 మార్కులు. ఆధారం పైన "బ్రిగేడియర్ జనరల్ డయ్యర్ 1919 ఆగస్టు 25న సైన్యంలోని పై అధికారులకు పంపిన నివేదిక నుంచి" అని అచ్చు వేశాం. కింద ఇచ్చిన భాగం తెలుగులో ఇలా ఉంది:

"నేను కాల్పులు జరిపించాను, గుంపు చెదిరిపోయేవరకు కొనసాగించాను. నా చర్యను సమర్థించుకోవాలంటే నేను కలిగించాల్సిన ప్రభావం ఉంది. అంత విస్తృతమైన ప్రభావం కలగడానికి కావలసిన అతి తక్కువ కాల్పులు ఇవేనని నా అభిప్రాయం. ఇంకా ఎక్కువ మంది సైనికులు ఉండి ఉంటే ప్రాణనష్టం ఆ మేరకు పెరిగేది. ఇది ఇక గుంపును చెదరగొట్టడం ఒక్కటే కాదు. అక్కడున్న వారి మీదే కాక, ముఖ్యంగా పంజాబ్ అంతటా, సైనిక దృష్టితో తగినంత ప్రభావం కలిగించడం. అనవసరమైన కాఠిన్యం అన్న ప్రశ్నే లేదు."

విద్యార్థి జవాబు, ఉన్నది ఉన్నట్టుగా:

"ఈ ఆధారం చాలా ఉపయోగపడుతుంది. డయ్యర్ కాల్పులకు కారణం ఇందులో స్పష్టంగా ఉంది. 'గుంపు చెదిరిపోయేవరకు కొనసాగించాను' అన్నాడు, అంటే గుంపును చెదరగొట్టాలన్నది ఒక కారణం. 'ముఖ్యంగా పంజాబ్ అంతటా' అన్నాడు, అంటే ఒక్క అమృత్‌సర్ గురించే ఆలోచించలేదు. రౌలట్ చట్టం మీద పంజాబ్‌లో ఆందోళనలు జరుగుతున్నాయి, ఏప్రిల్ 10న అమృత్‌సర్‌లో కిచ్లూ, సత్యపాల్‌లను అరెస్టు చేశాక హింస జరిగింది, అందుకే అలా అనుకున్నాడు. 'అతి తక్కువ కాల్పులు ఇవే' అన్నాడు కాబట్టి అవసరమైనంతే కాల్చాడని తెలుస్తుంది. ఇవన్నీ డయ్యర్ స్వయంగా రాశాడు కాబట్టి ఈ ఆధారం అసలు కారణాన్ని చెబుతుంది."

మా స్కీమ్‌లో నాలుగు లెవెల్స్ ఉన్నాయి. 1-2: ఆధారంలోని మాటల్ని తిరిగి చెప్పడం. 3-4: మాటల నుంచి ఉపయోగాన్ని రాబట్టడం. 5-6: విషయంతో పాటు ఆధారం ఎవరిది, ఎప్పటిది, ఎందుకు రాశారన్నదాన్ని ఉపయోగానికి ముడిపెట్టడం. 7-8: వీటన్నిటినీ తూచి ఒక నిర్ణయానికి రావడం. మీరైతే ఎక్కడ పెడతారు?

కొత్తబల్ల

6 సరైనదే అనిపిస్తోంది సర్. మూడు కొటేషన్లున్నాయి, మూడూ సరిగ్గా ఎత్తి రాశాడు. ఏప్రిల్ 10 సంగతి ఆధారంలో లేదు, సొంత జ్ఞానంతో తెచ్చాడు. మా దగ్గర ఇంత రాసేవాళ్లు తక్కువ.

ఎర్రపెన్ను

నేను మరోలా చేస్తాను. ముందు విషయానికి 6 వేస్తాను. ఆధారం పుట్టుక గురించి రాయలేదు కాబట్టి 2, నమ్మకం గురించి రాయలేదు కాబట్టి 1 తీసేస్తాను. 3 వస్తుంది. చరిత్రబడి గారి మార్కే సరైనది. పిల్లలకు కూడా ముందే చెప్పేస్తాను: చివర్లో "ఇతను బ్రిటిష్ అధికారి, కాబట్టి పక్షపాతం ఉంది, పూర్తిగా నమ్మలేం" అని ఒక వాక్యం రాయండి, ఆ మూడు మార్కులు పోవు అని.

దస్త్రాలగది

ఎర్రపెన్ను గారూ, మీ అంకె దగ్గరగానే ఉంది కానీ దారితో నేను ఏకీభవించలేను. లెవెల్స్ ఉన్న స్కీమ్‌లో కోతలు ఉండవు. జవాబు ఏ పని చేసిందో చూసి ఆ లెవెల్‌లో పెట్టాలి. ఈ జవాబు 6 దాకా ఎక్కి కిందికి రాలేదు, అసలు ఆ మెట్టే ఎక్కలేదు. ఇలా చూడటం వల్ల మార్కు ఒక్కటే కాదు, పిల్లవాడికి మనం చెప్పే మాట కూడా మారుతుంది. "ఒక పేరా మర్చిపోయావు" అనే బదులు "నీ కొటేషన్లతో ఇంకో పని చేయించాలి" అని చెప్పగలుగుతాం.

ఇలాంటి జవాబుల దగ్గర నేను ఒక పని చేస్తాను. ఆధారం పైనున్న పరిచయ వాక్యాన్ని చేత్తో మూసి జవాబు మళ్లీ చదువుతాను. అదే భాగాన్ని ఒక వార్తాపత్రిక విలేకరి రాశాడనుకుంటే, లేదా యాభై ఏళ్ల తర్వాత ఒక పాఠ్యపుస్తకంలో వచ్చిందనుకుంటే, జవాబులో ఏ వాక్యం మారాలి? ఇక్కడ చివరి వాక్యం తప్ప ఏదీ మారక్కర్లేదు. అంటే ఆ పరిచయాన్ని ఇతను వాడుకోలేదు. నేను 3-4 లెవెల్‌లోనే పెడతాను.

అంతకన్నా ముఖ్యమైనది మూడో కొటేషన్. "అతి తక్కువ కాల్పులు ఇవే అన్నాడు కాబట్టి అవసరమైనంతే కాల్చాడని తెలుస్తుంది" అని రాశాడు. రాసినవాడెవడో పట్టించుకోకపోతే జరిగేది సరిగ్గా ఇదే. డయ్యర్ వాదన కాస్తా విద్యార్థి చేతిలో జరిగిన సంగతిగా మారిపోయింది. అందుకే దీన్ని ఒక పేరా తప్పిపోయిన జవాబుగా చూడలేం. పుట్టుకను వదిలేయడం వల్ల విషయం కూడా తప్పు చదివాడు.

చుక్కానిమేడం

రెండోసారి దిద్దింది నేనే. చరిత్రబడి గారు లింక్ పంపితే వచ్చాను, నా కారణం నేనే చెబుతాను. ప్రశ్నలో ఎక్కడా "ఆధారం పుట్టుక, ప్రయోజనం, విశ్వసనీయత చర్చించండి" అని లేదు. "ఎంతవరకు ఉపయోగపడుతుంది" అని మాత్రమే ఉంది. అడగనిదాన్ని రాయలేదని ఒక పిల్లవాణ్ణి సగం మార్కుల దగ్గర ఆపడం నాకు న్యాయంగా అనిపించలేదు. పైగా సందర్భం చక్కగా తెచ్చాడు. ఏప్రిల్ 10 హింసనీ "పంజాబ్ అంతటా" అన్న మాటనీ కలపడం చిన్న విషయం కాదు.

నాలుగోపీరియడ్

చుక్కాని మేడం చెప్పిందాంట్లో బలం ఉంది. ఐబీ చరిత్ర పేపర్ 1లో ఇలాంటి ప్రశ్నకి 4 మార్కులు. అక్కడ పుట్టుక, ప్రయోజనం, విషయం మూడింటినీ పట్టుకుని విలువనూ పరిమితులనూ విశ్లేషించమని ప్రశ్నలోనే రాసి ఉంటుంది. విలువ ఒక్కటే రాసినా, పరిమితులొక్కటే రాసినా 2కి మించి ఇవ్వరు. పూర్తి 4 రావాలంటే ఆ మూడూ ఎక్కడో ఒకచోట కనీసం ఒక్కసారైనా రావాలి. ఆ స్కీమ్‌తో దిద్దితే ఈ జవాబుకి పరిమితుల వైపు సున్నా, కాబట్టి 2 దాటదు. కానీ అక్కడ ఏం కావాలో ముందే చెబుతారు. మీ ప్రశ్న చెప్పలేదు.

చరిత్రబడి

ప్రశ్న మాటల గురించి ఒప్పుకుంటాను, వచ్చే పేపర్‌లో మారుద్దామని మేడంతో అనుకున్నాం. కానీ ఈ తరగతికి "ఎంతవరకు ఉపయోగపడుతుంది" అంటే ఏం చూడాలో ఏడాదంతా చెప్పాం, స్కీమ్ కూడా పంచాం. మిగతా జవాబుల్లో చాలావాటిలో ఏదో ఒక రూపంలో పుట్టుక ప్రస్తావన ఉంది. అడగలేదన్న కారణంతో ఇతనికి 6 ఇస్తే, దాన్ని నిజంగా వాడుకున్నవాళ్లకి ఏం ఇవ్వాలి?

వేపచెట్టు

డయ్యర్‌ది హత్యాకాండ. అవసరమైనంతే కాల్చాడు అని రాసిన పిల్లవాడికి 3 కాదు, 0 ఇవ్వాలి. చరిత్ర చదివి ఇదా నేర్చుకున్నది? పది నిమిషాల్లో 1,650 తూటాలు కాల్చారు, బయటికి వెళ్లే దారులు ఇరుకు, ప్రభుత్వ లెక్కలోనే 379 మంది చనిపోయారు, కాంగ్రెస్ విచారణ అయితే వెయ్యి దాకా అంది. ఇవేవీ తెలియవా ఇతనికి?

దస్త్రాలగది

వేపచెట్టు గారూ, మీ ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ ప్రశ్న డయ్యర్ దోషా కాదా అని అడగలేదు. అతను ఎందుకు కాల్చాడో తెలుసుకోవడానికి ఈ కాగితం ఎంత పనికొస్తుందని అడిగింది. మీరు చెప్పిన అంకెలు ఈ జవాబుకి ఎక్కడ పనికొస్తాయంటే, "అతి తక్కువ కాల్పులు" అన్న వాదనను పరీక్షించడానికి. విద్యార్థి ఆ 1,650ని తెచ్చి ఆ వాక్యం పక్కన పెట్టి ఉంటే, అది విశ్వసనీయతను తూచడమే అయ్యేది. పైన చర్చించుకుంటున్న లోటు సగం తీరేది.

చుక్కాని మేడం, సందర్భం తెచ్చాడన్నది నిజమే, దానికి విలువ ఇవ్వాల్సిందే. అందుకే 3-4లో పై మార్కు 4 ఇవ్వచ్చంటాను. కానీ ఆ సందర్భాన్ని అతను దేనికి వాడాడో చూడండి. డయ్యర్ మాటకి తోడుగా తెచ్చాడు, పరీక్షించడానికి కాదు. సందర్భం రెండు పనులూ చేయగలదు, 5 దాటించేది రెండోది.

కొత్తబల్ల

సర్, నాకు అర్థం కాక అడుగుతున్నాను. అయితే ఎర్రపెన్ను గారు చెప్పిన వాక్యం చివర్లో కలిపితే 5 వచ్చేస్తుందా? "బ్రిటిష్ అధికారి కాబట్టి పక్షపాతం ఉంది, పూర్తిగా నమ్మలేం" అని.

దస్త్రాలగది

నేనైతే ఇవ్వను. ఆ వాక్యాన్ని 1857 నుంచి 1947 దాకా ఏ బ్రిటిష్ అధికారి కాగితం కిందైనా అతికించవచ్చు, ఎక్కడైనా సరిపోతుంది. ఈ నివేదిక గురించి అది ఏమీ చెప్పదు. పైగా ఇక్కడ అది తప్పుదారి పట్టిస్తుంది. పక్షపాతం ఉన్న అధికారి మామూలుగా ఏం చేస్తాడు? తన తప్పును తగ్గించి చెబుతాడు. "ప్రాణభయంతో కాల్చాను, గుంపు మీదికొచ్చింది" అంటాడు. ఈ కాగితంలో డయ్యర్ అలా అనడం లేదు. ఇంకా సైనికులు ఉంటే ఇంకా ఎక్కువమంది చనిపోయేవారు అని తనే రాస్తున్నాడు. తనకి చేటు తెచ్చే మాట ఇలా బాహాటంగా ఎందుకు రాశాడన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న పరిచయ వాక్యం చదివినవాడికే వస్తుంది.

కాస్త విడమరిచి చెబుతాను, ఎందుకంటే ఈ ఆధారం దీనికి చాలా మంచి ఉదాహరణ.

డయ్యర్ దీని గురించి ముందే ఒక నివేదిక రాశాడు, ఏప్రిల్ 14న, అంటే మర్నాడే. అది చిన్నది. తన బలగం చిన్నదని గ్రహించాననీ, తటపటాయిస్తే దాడికి ఊతమిచ్చినట్టవుతుందనీ, అందుకే వెంటనే కాల్పులు మొదలుపెట్టి గుంపును చెదరగొట్టాననీ అందులో ఉంది. 200 నుంచి 300 మంది చనిపోయి ఉంటారని అంచనా వేశాడు. పంజాబ్ అంతటా ప్రభావం అన్న మాట ఆ కాగితంలో ఈ రూపంలో రాలేదు. నాలుగు నెలలు గడిచాయి. ఇంగ్లండ్‌లోనూ ఇక్కడా ప్రశ్నలు మొదలయ్యాయి. ఎందుకు అలా చేశావో వివరించమని పైవాళ్లు అడిగాక రాసినది ఈ ఆగస్టు 25 నివేదిక. అంటే ఇది సంజాయిషీ. చదివేవాళ్లు సైనికాధికారులు. వాళ్ల ముందు "భయపడ్డాను" అనడం కన్నా "తిరుగుబాటును మొదట్లోనే అణిచాను" అనడమే గౌరవంగా ఉంటుంది. అలాంటి శ్రోతల కోసం రాసినది కాబట్టే ఇంత నిస్సంకోచంగా ఉంది.

దీన్నిబట్టి ఉపయోగం రెండుగా చీలుతుంది. తన చర్యను ఏ వాదనతో నిలబెట్టుకోవాలనుకున్నాడో, సైన్యంలో ఏ వాదన చెల్లుతుందని నమ్మాడో తెలుసుకోవడానికి ఇది చాలా విలువైనది. ఏప్రిల్ 13 సాయంత్రం కాల్చమని ఆదేశించిన క్షణంలో అతని మనసులో ఉన్నది ఇదేనా అన్నదానికి మాత్రం దీని మీద ఒక్కదాని మీదే ఆధారపడలేం.

నాలుగోపీరియడ్

బాగా చెప్పారు. కానీ ఏప్రిల్ 14 నివేదిక పరీక్ష పేపర్లో లేదు కదండీ. పదకొండో తరగతి పిల్లలు దాన్ని తెస్తారని ఎలా ఆశిస్తాం?

దస్త్రాలగది

ఆశించకూడదు, తెస్తే సంతోషం అంతే. పేపర్లో ఉన్నదాంతోనే ఎక్కడిదాకా వెళ్లచ్చో చూడండి. తేదీలు రెండూ ఉన్నాయి, ఏప్రిల్ 13, ఆగస్టు 25. ఎవరికి పంపాడో ఉంది. ఇక "నా చర్యను సమర్థించుకోవాలంటే" అన్న మాట ఆధారంలోనే ఉంది. ఎందుకు రాస్తున్నాడో డయ్యర్ తనే చెప్పేస్తున్నాడు! విద్యార్థి సరిగ్గా ఆ మాట పక్కనున్న "అతి తక్కువ కాల్పులు" ఎత్తి రాసి, దీన్ని వదిలేశాడు.

అదే కొటేషన్‌తో 6 వచ్చే రూపం ఇలా ఉంటుంది: "'నా చర్యను సమర్థించుకోవాలంటే' అన్న మాటను బట్టి ఇది నాలుగు నెలల తర్వాత పై అధికారులకు ఇచ్చుకున్న సంజాయిషీ అని తెలుస్తుంది. కాబట్టి 'అతి తక్కువ కాల్పులు' అన్నది జరిగినదాని కొలత కాదు, అతని వాదన. అయినా పంజాబ్ అంతటికీ హెచ్చరిక పంపాలనుకున్నానని అతనే ఒప్పుకోవడం వల్ల, ఆ ఉద్దేశం విషయంలో ఈ ఆధారం బాగా ఉపయోగపడుతుంది." మూడు వాక్యాలు. బయటి జ్ఞానం ఏమీ లేదు.

7కి వెళ్లాలంటే ఆ తూకాన్ని ఇంకెక్కడైనా సరిచూడాలి. హంటర్ కమిటీ ముందు 1919 నవంబర్‌లో డయ్యర్ ఇచ్చిన సాక్ష్యం పాఠాల్లో చెబుతారు కాబట్టి అది వాడుకోవచ్చు. కాల్పులు లేకుండానే గుంపును చెదరగొట్టగలిగేవాణ్ణేమో, కానీ వాళ్లు మళ్లీ వచ్చి నవ్వేవాళ్లు, నేను నవ్వులపాలయ్యేవాణ్ణి అన్నాడు అక్కడ. సాయుధ కార్లు లోపలికి వెళ్లే దారి ఉంటే మెషీన్‌గన్లు వాడేవారా అంటే, బహుశా వాడేవాణ్ణే అన్నాడు. ఆగస్టు నివేదికలోని ఉద్దేశంతో ఇవి కలుస్తున్నాయి. "అతి తక్కువ" అన్నదాంతో మాత్రం కలవడం లేదు.

ఎర్రపెన్ను

మీ ఉదాహరణ చూశాక నా చివరి వాక్యం సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం. పిల్లవాడి చివరి వాక్యం చూడండి: "డయ్యర్ స్వయంగా రాశాడు కాబట్టి అసలు కారణాన్ని చెబుతుంది." ఇది పుట్టుక గురించిన మాట కాదా? ఎవరు రాశారో చెప్పాడు, దాన్ని ఉపయోగానికి ముడిపెట్టాడు. అమాయకంగా చెప్పాడు, కానీ చెప్పాడు. మీ స్కీమ్ ప్రకారం 5 ఇవ్వాల్సి వస్తుందేమో.

చుక్కానిమేడం

నేను 6 వేసింది కొంత ఆ వాక్యం వల్లే. పరిచయం పట్టించుకోలేదనడం పూర్తిగా నిజం కాదు.

చరిత్రబడి

ఆ వాక్యాన్ని నేనూ చాలాసేపు చూశాను. కాల్పులు జరిపించిన మనిషే కారణం చెప్పడం ఒక విలువే, ఆ మాట వరకు సరైనదే. కానీ "స్వయంగా" రాశాడన్నదాన్ని, అందులో ఉన్నదంతా నిజమేననడానికి హామీపత్రంలా వాడాడు. తేదీ లేదు, ఎవరికి రాశాడన్నది లేదు. ఇది 5-6 లెవెల్‌కి తలుపు దాకా వచ్చి ఆగిన జవాబు అనిపిస్తోంది.

దస్త్రాలగది

ఇక్కడ నిజాయితీపరులైన ఇద్దరు మూల్యాంకనకర్తలు విడిపోవచ్చు. నేను 4 ఇస్తాను. ఆ వాక్యం లేకపోతే 3 ఇచ్చేవాణ్ణి. 5 ఎందుకు ఇవ్వనంటే, స్కీమ్ అడిగేది పుట్టుక వల్ల ఉపయోగం ఎలా మారిందని. ఇక్కడ మారలేదు, మొదటి వాక్యంలో "చాలా ఉపయోగపడుతుంది", చివరి వాక్యంలోనూ అదే. అయితే మీ స్కీమ్‌లో "ముడిపెట్టడం" అన్నంతవరకే ఉంది, ఎంత బలంగా అన్నది లేదు. కాబట్టి 5 అన్నవాళ్లను తప్పనలేను. ఇద్దరూ కూర్చుని ఇలాంటి చివరి వాక్యాలున్న జవాబులు నాలుగైదు తీసి, అన్నిటికీ ఒకే తీర్పు వచ్చేలా చూసుకోండి.

ఎర్రపెన్ను

నేను 5 దగ్గరే ఉంటాను. అమాయకమైన ముడి కూడా ముడే.

కొత్తబల్ల

నాదొక సంగతి అడగవచ్చా? మా తొమ్మిదో తరగతి పేపర్లో ఒక వ్యంగ్యచిత్రం ఇచ్చారు. గీసినవాళ్ల పేరు, తేదీ, పత్రిక ఏదీ లేదు. పిల్లలంతా బొమ్మలో ఏముందో వర్ణించారు. ఇప్పుడు ఈ చర్చ చదివి, వాళ్లందరికీ కింది లెవెల్ ఇవ్వాలా అని భయం పట్టుకుంది.

నాలుగోపీరియడ్

భయపడకండి. పరిచయమే ఇవ్వనప్పుడు దాన్ని వాడలేదని తగ్గించడం కుదరదు. బొమ్మ లోపలి నుంచే దొరికేది ఉంటుంది కదా, ఎవర్ని పెద్దగా గీశారు, ఎవర్ని వికారంగా గీశారు, కింద రాసిన మాట ఎవరివైపు ఉంది. గీసినవాడు చూసేవాళ్లలో ఏ భావం కలిగించాలనుకున్నాడో అక్కడి నుంచి ఊహించిన పిల్లలకి ఎక్కువ ఇవ్వండి. వచ్చేసారి బొమ్మ కింద ఒక లైను పరిచయం అచ్చు వేయమని పేపర్ తయారుచేసేవాళ్లకి చెప్పండి.

చుక్కానిమేడం

చరిత్రబడి గారూ, నేను 6 నుంచి దిగుతాను. మూడో కొటేషన్ గురించి దస్త్రాలగది గారు చెప్పింది నాకు తట్టలేదు, డయ్యర్ వాదన జరిగిన సంగతిగా మారిపోయిన వాక్యానికి నేను మార్జిన్‌లో టిక్ పెట్టాను. 4కి ఒప్పుకుంటాను. కానీ ఒక షరతు. మార్జిన్‌లో "విశ్వసనీయత లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేయొద్దు. అది చదివి ఈ పిల్లవాడు వచ్చేసారి "పక్షపాతం ఉంది" అని అతికించి వస్తాడు.

చరిత్రబడి

ఒప్పుకున్నాను మేడం. "అతి తక్కువ కాల్పులు" అన్నచోట గీత గీసి ఇలా రాశాను: "ఇది ఎవరి అభిప్రాయం? ఎవరికి చెబుతున్నాడు? నాలుగు నెలల తర్వాత ఎందుకు చెప్పాల్సి వచ్చింది? ఆధారంలో ఇదే వాక్యానికి ముందు వాక్యం మళ్లీ చదువు." తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ఒక్క పేరా మాత్రం మళ్లీ రాయమంటాను, జవాబంతా కాదు.

చివర్లో "స్వయంగా రాశాడు కాబట్టి నిజం" అని ఉన్న జవాబులు ఇంకా మూడు దొరికాయి. వాటిలో ఒకదాంట్లో తేదీ కూడా ప్రస్తావించి, "జరిగిన ఏడాదే రాశాడు కాబట్టి గుర్తుంటుంది" అన్నారు. దాన్ని 4లో పెట్టాలా 5లో పెట్టాలా అని ఇప్పుడు మేడం, నేను మళ్లీ వాదించుకుంటున్నాం.

ఎర్రపెన్ను

అది 5. తేదీ నుంచి ఒక కారణం రాబట్టారు, తప్పు దిక్కుకైనా సరే.

దస్త్రాలగది

దానికి నేనూ 5 ఇస్తాను. జ్ఞాపకం చెదరకపోవడం నిజంగా తేదీ ఇచ్చే విలువల్లో ఒకటి. ఏప్రిల్‌కీ ఆగస్టుకీ మధ్య మారింది జ్ఞాపకం కాదు, అడిగే గొంతులు అన్నది ఆ పిల్లకి గానీ పిల్లవాడికి గానీ మార్జిన్‌లో రాయండి.